చదువు ఫీజు: ఎఫ్‌డీ విరగ్గొట్టాలా, బ్యాంకు అప్పు చేయాలా?

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సీటు ఖరారైన సాయంత్రం చాలా ఇళ్లలో సంతోషం ఓ గంట సేపు ఉంటుంది. ఆ తర్వాత లెక్కల పుస్తకం బయటికి వస్తుంది. ట్యూషన్ ఫీజు ఎంత, హాస్టల్ ఎంత, ల్యాప్‌టాప్ కొనాలా, ఇదంతా ఎక్కడి నుంచి తేవాలి? తండ్రి బ్యాంకులో ఉన్న ఎఫ్‌డీ గురించి ఆలోచిస్తాడు. పక్కింటాయన ఎడ్యుకేషన్ లోన్ తీసుకోమంటాడు. ఇంట్లో పెద్దవాళ్లు చేతిలో డబ్బు పెట్టుకుని అప్పెందుకంటారు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. ఏ నిజం ఎంత ఖరీదు చేస్తుందో రూపాయల్లో వేసి చూస్తేగానీ తెలియదు.

అందుకోసం ఖమ్మంలో ఒక కుటుంబం ఉందనుకుందాం. తండ్రికి 48 ఏళ్లు. ఒక ప్రైవేటు సంస్థలో అకౌంటెంటు, నెలకు 50 వేల జీతం. అమ్మాయికి కన్వీనర్ కోటాలో హైదరాబాద్‌లో బీటెక్ సీటు వచ్చింది. అబ్బాయి పదో తరగతిలో ఉన్నాడు. పదిహేనేళ్లుగా కూడబెట్టిన 8 లక్షలు ఎఫ్‌డీలో ఉన్నాయి. ఈ ఆదాయానికి ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. అమ్మాయి చదువుకు ఫీజు, హాస్టల్, పుస్తకాలు అన్నీ కలిపి ఏటా 1,90,000 అవుతుందని లెక్క వేసుకుందాం.

భారతీయ బ్యాంకుల సంఘం తయారుచేసిన నమూనా విద్యారుణ పథకాన్నే చాలా బ్యాంకులు పాటిస్తున్నాయి. దాని ప్రకారం మన దేశంలో చదువుకు 4 లక్షల లోపు రుణమైతే కుటుంబం తన వంతుగా ఏమీ వేయనక్కర్లేదు. అది దాటితే ఖర్చులో 5 శాతం కుటుంబమే భరించాలి. మన ఉదాహరణలో ఏటా సుమారు 10 వేలు తండ్రి పెట్టుకుంటే మిగతా 1,80,000 బ్యాంకు ఇస్తుంది. నాలుగేళ్లకు 7,20,000. ఏడున్నర లక్షల లోపు రుణానికి కేంద్రం నెలకొల్పిన క్రెడిట్ గ్యారంటీ నిధి అండ ఉంది. కాబట్టి ఇల్లూ పొలమూ తాకట్టు పెట్టనక్కర్లేదు. తండ్రి మాత్రం సహ రుణగ్రహీతగా సంతకం చేయాలి. బ్యాంకు డబ్బు చేతికివ్వదు. ఏటా కాలేజీ ఇచ్చిన ఫీజు పత్రం, అమ్మాయి మార్కుల జాబితా చూసి నేరుగా కాలేజీ ఖాతాలో వేస్తుంది.

విద్యారుణంలో చాలామంది గమనించని మలుపు ఒకటుంది. చదువు సాగినంత కాలం, ఆ పైన మరో ఏడాది, వాయిదాలు కట్టనక్కర్లేదు. దీన్నే మారటోరియం అంటారు. అయితే వడ్డీ మాత్రం మొదటి రూపాయి ఇచ్చిన రోజు నుంచే నడుస్తుంది. నమూనా పథకం ప్రకారం ఈ కాలంలో వేసేది బారువడ్డీ, అంటే వడ్డీ మీద వడ్డీ పడదు. మారటోరియం ముగిసిన రోజున అప్పటిదాకా పోగైన వడ్డీనంతా అసలులో కలిపేస్తారు. ఆ క్షణం నుంచి మొత్తం మీద వడ్డీ పడుతుంది. అప్పు బరువు మారేది ఆ రోజునే.

లెక్క సులువు కోసం వడ్డీ రేటు 10 శాతం అనుకుందాం. మొదటి ఏడాది ఇచ్చిన 1,80,000 మీద వాయిదాలు మొదలయ్యేసరికి ఐదేళ్ల వడ్డీ, 90 వేలు. రెండో ఏడాది సొమ్ము మీద నాలుగేళ్లకు 72 వేలు, మూడో దాని మీద 54 వేలు, నాలుగో దాని మీద 36 వేలు. మొత్తం 2,52,000. అంటే అమ్మాయి తొలి వాయిదా కట్టే నాటికి బాకీ 7,20,000 కాదు, 9,72,000. పదేళ్లలో తీర్చాలనుకుంటే నెలకు 12,845 రూపాయలు. పదేళ్లూ క్రమం తప్పకుండా కడితే బ్యాంకుకు చేరేది 15,41,000 పైచిలుకు. అందులో వడ్డీయే 8,21,000, తీసుకున్న అసలు కంటే ఎక్కువ.

గడువు పెంచితే నెలసరి భారం తగ్గుతుందని బ్యాంకులో చెబుతారు, అది నిజమే. పదిహేనేళ్లకు పెడితే వాయిదా 10,445కు దిగుతుంది. నెలకు తగ్గింది 2,400 మాత్రమే. కానీ వడ్డీ మొత్తం 11 లక్షల 60 వేలకు పెరుగుతుంది. గడువు పెంపు వల్ల తగ్గే వాయిదా కళ్లకు కనిపిస్తుంది, పెరిగే వడ్డీ కనిపించదు. నెలకు 2,400 కోసం 3 లక్షల 40 వేలు అదనంగా కట్టడం మంచి బేరం కాదు.

ఈ అంకెలు విన్న ఏ తండ్రికైనా ఎఫ్‌డీ తీసి కట్టేయడమే మేలనిపిస్తుంది. ఆ దారీ చూద్దాం.

ఎఫ్‌డీకి 6.5 శాతం వడ్డీ అనుకుందాం. ఏటా 1,80,000 తీస్తూ పోతే నాలుగో ఏడాది ఫీజు కట్టాక అందులో మిగిలేది 1,73,000. అప్పు లేదు, బ్యాంకు చుట్టూ తిరగడం లేదు, అమ్మాయి జీతం అంతా తనదే. ఈ దారికి కూడా ఖరీదు ఉంది. ఫీజుగా తీసిన ఆ డబ్బే ఎఫ్‌డీలో ఉండిపోయి ఉంటే, అమ్మాయి చదువు ముగిసిన ఏడాది తర్వాతికి 9 లక్షలకు చేరేది. అంటే కుటుంబం వదులుకున్న వడ్డీ 1,80,000.

ఇప్పుడు రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టాలి. ఐదేళ్లు ముగిసేసరికి అప్పు దారిలో బాకీ 9,72,000. అదే ఐదేళ్లలో తాకని డబ్బు పెరిగేది 9 లక్షలకు. తేడా 72 వేలే. పది శాతానికి అప్పు తెచ్చి, ఆరున్నర శాతానికి డబ్బు దాచుకున్నా ఐదేళ్లకు నష్టం ఇంతే. కారణం అంతకు ముందు చెప్పిన మలుపే: అప్పు మీద బారువడ్డీ, ఎఫ్‌డీ మీద చక్రవడ్డీ. మొత్తం 8 లక్షలూ చేతిలో ఉంచుకుని ఐదేళ్లు గడపడానికి కుటుంబం కట్టిన రుసుము నెలకు 1,200 రూపాయలు అనుకోవచ్చు.

ఆ రుసుముకు వచ్చేదేమిటి? మన ఖమ్మం కుటుంబానికి తిరిగి వెళితే తెలుస్తుంది. అమ్మాయి రెండో ఏడాదికి వచ్చేసరికి అబ్బాయి ఇంటర్‌లో చేరతాడు. కార్పొరేట్ కాలేజీ హాస్టల్ అంటే మళ్లీ లక్షల్లో మాట. అమ్మాయి చివరి ఏడాదిలో ఉండగా వాడి బీటెక్ మొదలవుతుంది. సరిగ్గా అప్పటికే ఎఫ్‌డీ అడుగంటి ఉంటుంది. ఇంతలో తండ్రి ఉద్యోగం పోయినా, ఇంట్లో ఒకరికి ఆపరేషన్ అవసరమైనా పరిస్థితి ఏమిటి?

అప్పుడు జరిగేది ఊళ్లలో అందరికీ తెలుసు. తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. నెలకు వందకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. రెండు లక్షలు తెస్తే నెలకు 4 వేలు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. మూడేళ్లు కడితే 1,44,000 చెల్లించినట్టు, అయినా బాకీ రెండు లక్షలే. చదువు అప్పు 10 శాతానికి దొరికే రోజున వద్దనుకున్న కుటుంబం, రెండేళ్ల తర్వాత 24 శాతానికి అప్పు చేస్తుంది. మొదటిది ఇంటి పత్రాలు అడగనిది, తీర్చడానికి ఏళ్ల గడువున్నది. రెండోదానికి గడువూ లేదు, పత్రమూ లేదు, అడిగేవాడు మాత్రం ప్రతి నెలా వస్తాడు. ముందు సొంత డబ్బు ఖర్చుపెట్టి, అది అయిపోయాక అప్పు వెతకడమే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఖరీదైన క్రమం. చాలా కుటుంబాలు నడిచేది ఆ క్రమంలోనే. మధ్యలో బ్యాంకుకు వెళ్లి రుణం అడగవచ్చు. కానీ అప్పటికే సొంతంగా కట్టేసిన ఏళ్ల ఫీజును బ్యాంకు మామూలుగా తిరిగివ్వదు. తండ్రి జీతం ఆగిపోయిన సమయంలో అడిగితే మంజూరు కూడా కష్టమే.

అలాగని మొత్తం భారం అప్పు మీద వేసి మరిచిపోవడమూ మంచిది కాదు. ఇరవై రెండేళ్ల అమ్మాయి వైపు నుంచి చూస్తే ఎందుకో అర్థమవుతుంది. పెద్ద ఐటీ కంపెనీల్లో కొత్తగా చేరే ఇంజినీరుకు ఏడాదికి మూడున్నర లక్షల అటూ ఇటూగా ఇవ్వడం చాలాకాలంగా ఉన్నదే. చేతికి పాతిక వేలు వస్తుంది. అందులో 12,845 వాయిదాకు పోతే హైదరాబాద్‌లో పీజీ హాస్టల్ అద్దె, తిండి, బస్సు ఖర్చు అంతా మిగతా 12 వేల్లోనే. పైగా మొదటి వాయిదాలో 8,100 వడ్డీకే జమ అవుతుంది. ఏడాదంతా కట్టిన లక్షా 54 వేలలో అసలు తగ్గేది 60 వేలకు కాస్త తక్కువ. సంవత్సరం కష్టపడి కట్టాక స్టేట్‌మెంట్ తీసి చూస్తే బాకీ ఇంకా 9 లక్షలు దాటి ఉంటుంది. కొత్త ఉద్యోగుల్ని కుంగదీసేది ఈ దృశ్యమే. వేరే ఊళ్లో మంచి అవకాశం వచ్చినా తక్కువ జీతంతో మొదలుపెట్టాల్సిన పనైతే వదులుకోవడం, పై చదువు మానుకోవడం, నచ్చని ఉద్యోగంలో ఇరుక్కుపోవడం, ఇవన్నీ ఏ బ్యాంకు పత్రంలోనూ కనిపించని వడ్డీ.

వాయిదా తప్పితే దెబ్బ ఇద్దరికీ తగులుతుంది. 90 రోజులు దాటితే ఖాతాను మొండి బాకీ కింద చేరుస్తారు. ఆ మచ్చ అమ్మాయి క్రెడిట్ స్కోరుతో పాటు సహ రుణగ్రహీత అయిన తండ్రి స్కోరు మీదా పడుతుంది. రేపు తమ్ముడి చదువుకు అదే తండ్రి మళ్లీ సంతకం చేయాలి. అందుకే ఉద్యోగం ఆలస్యమైతే వాయిదా తప్పకముందే బ్రాంచికి వెళ్లి రాతపూర్వకంగా గడువు అడగాలి. నిరుద్యోగ కాలానికి అదనపు గడువు ఇచ్చే వీలు నమూనా పథకంలోనే ఉంది. తొలి ఏళ్లలో తక్కువగా, తర్వాత పెరుగుతూ పోయే వాయిదాల పద్ధతీ కొన్ని బ్యాంకుల్లో ఉంది. అడిగినవారికే ఇవి దొరుకుతాయి.

ఇక రెండు దారుల మధ్య ఉన్న మూడో దారి చూద్దాం. మన కుటుంబం రుణం తీసుకుంటుంది, ఎఫ్‌డీని తాకదు. కానీ చదువు సాగుతుండగానే నెలనెలా వడ్డీ కడుతుంది. మొదటి ఏడాది నెలకు 1,500, రెండో ఏడాది 3,000, మూడో ఏడాది 4,500, నాలుగో ఏడాదీ ఆపైనా 6,000. యాభై వేల జీతంలో ఇది బరువే, అయినా మోయలేనిది కాదు. ఐదేళ్లలో కట్టేది అదే 2,52,000. కానీ ఆ మొత్తం అసలులో కలవదు, దాని మీద పదేళ్ల వడ్డీ పడదు. ఇలా చదువు కాలంలోనే వడ్డీ కట్టేవారికి ఒక శాతం దాకా రేటు తగ్గించే వీలు నమూనా పథకంలో ఉంది. బ్రాంచిలో అడిగి రాయించుకోవాలి.

ఐదేళ్లకు బాకీ 7,20,000 దగ్గరే ఉంటుంది. తాకని ఎఫ్‌డీ దాదాపు 10 లక్షల 96 వేలు అవుతుంది. ఇప్పుడు, సరిగ్గా వాయిదాలు మొదలయ్యే సమయంలో, ఎఫ్‌డీ నుంచి 4 లక్షలు తీసి అప్పులో జమ చేయాలి. ఈ సమయమే ముఖ్యం. ఇక నుంచి అప్పు మీద 10 శాతం, ఎఫ్‌డీ మీద 6.5 శాతం. చేతిలో డబ్బు పెట్టుకుని బాకీ ఉంచుకున్న ప్రతి లక్షకూ ఏడాదికి 3,500 నష్టం. మారే వడ్డీ రేటు మీద తీసుకున్న రుణాన్ని ముందుగా తీరిస్తే వ్యక్తుల దగ్గర బ్యాంకులు జరిమానా వసూలు చేయకూడదు. మిగిలిన 3,20,000ను ఐదేళ్లలో తీర్చేలా పెట్టుకుంటే అమ్మాయి కట్టాల్సింది నెలకు 6,800. పాతిక వేల జీతంలో అది ఊపిరాడనిచ్చే మొత్తం. అంతా కలిపి కుటుంబం కట్టే వడ్డీ 3 లక్షల 40 వేలు. మొదట చూసిన 8,21,000లో సగం కూడా కాదు. చేతిలో దాదాపు 7 లక్షలు మిగిలే ఉంటాయి, తమ్ముడి చదువుకో ఇంటి అవసరానికో.

ఐదేళ్లలో కుటుంబానికి ఏ ఆపదా రాకపోతే సొంత డబ్బుతో కట్టేయడమే రూపాయల్లో చౌక. అందులో సందేహం లేదు. కానీ ఆ ఐదేళ్లు ఎలా గడుస్తాయో సీటు వచ్చిన రోజున ఏ కుటుంబానికీ తెలియదు. తెలియని దానికి సిద్ధంగా ఉండటానికే ఈ మూడో దారి. ఆపద వస్తే ఎఫ్‌డీ ఉంది. రాకపోతే ఆ ఎఫ్‌డీయే అప్పును సగానికి పైగా తీరుస్తుంది.

కుటుంబ ఆదాయం తక్కువైతే లెక్క ఇంకా అప్పు వైపే మొగ్గుతుంది. ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటి పిల్లలు నాక్ లేదా ఎన్‌బీఏ గుర్తింపు ఉన్న చోట వృత్తి విద్యా కోర్సులు చదివితే, మారటోరియం కాలపు వడ్డీ మొత్తాన్ని కేంద్రమే భరించే పథకం 2009 నుంచి ఉంది. పై ఉదాహరణలో అది 2,52,000 రూపాయలు. వాయిదా 12,845 నుంచి 9,515కు దిగుతుంది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపిక చేసిన నాణ్యమైన విద్యాసంస్థల్లో చేరినవారికి, ఆదాయం 8 లక్షల లోపైతే, 10 లక్షల వరకు రుణం మీద మారటోరియం కాలానికి 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు ఇది వర్తించదు. ఎక్కువమంది జారిపోయేది కాగితాల దగ్గరే. తహసీల్దారు ఆదాయ ధ్రువపత్రం సమయానికి ఇవ్వకపోయినా, చదువు మధ్యలో మానేసినా రాయితీ పోతుంది. బ్యాంకు తనంతట తానే పంపిస్తుందిలే అని ఊరుకోకూడదు. ఏటా ఒకసారి స్టేట్‌మెంట్‌లో రాయితీ జమ పడిందో లేదో చూసుకోవాలి.

పన్ను ఆదా అవుతుందని విద్యారుణాన్ని పొగిడేవారున్నారు. రుణం మీద కట్టిన వడ్డీ మొత్తాన్ని ఎనిమిదేళ్ల పాటు ఆదాయం నుంచి తీసేసుకునే వీలు ఉన్న మాట నిజమే. కానీ అది పాత పన్ను విధానంలోనే. మూడున్నర లక్షల జీతగాడికి ఎలాగూ పన్ను పడదు. కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లల విషయంలో ఈ లాభాన్ని లెక్కలోకి తీసుకోకపోవడమే క్షేమం.

ఏ పొదుపును తాకాలన్నది మరో ప్రశ్న. సుకన్య సమృద్ధి ఖాతాలోని డబ్బు అమ్మాయి చదువు కోసమే దాచింది. ఆమెకు పద్దెనిమిదేళ్లు నిండాక లేదా పది పాసయ్యాక, అంతకు ముందు ఆర్థిక సంవత్సరం చివరి నిల్వలో సగం వరకు చదువుకు తీసుకోవచ్చు. దాన్ని వాడటానికి వెనకాడనక్కర్లేదు. పీఎఫ్ అలా కాదు. 2024-25కు దాని మీద ప్రకటించిన వడ్డీ 8.25 శాతం. పది శాతం అప్పుకూ దానికీ తేడా రెండు శాతం లోపే. నలభై ఎనిమిదేళ్ల మనిషి పీఎఫ్ ఖాళీ చేస్తే మళ్లీ నింపుకోవడానికి మిగిలింది పదేళ్లు. చదువుకు అప్పు ఇచ్చే బ్యాంకులు చాలా ఉన్నాయి, రిటైరయ్యాక ఇల్లు గడవడానికి అప్పు ఇచ్చే బ్యాంకు లేదు. చీటీని కూడా తొందరపడి పాడితే తోసివేత రూపంలో పోయేది బ్యాంకు వడ్డీని మించిపోవచ్చు. పాడే ముందు ఆ లెక్క వేయాలి.

ఇదంతా దేశంలో చదువుకు వర్తించే లెక్క. అమెరికా ఎమ్మెస్‌కు 30 లక్షలు 11 శాతానికి తీసుకుంటే వడ్డీయే నెలకు 27,500. అక్కడ చాలాసార్లు ఇల్లు తాకట్టులో ఉంటుంది. వీసా, డాలరు, ఉద్యోగం మూడూ కుటుంబం చేతిలో లేనివి. పైగా కొన్ని ప్రైవేటు ఫైనాన్స్ సంస్థలు చదువు కాలంలోనే వడ్డీ కట్టించుకుంటాయి, కట్టకపోతే దాన్ని అసలులో కలుపుతాయి. బీటెక్‌కు పనికొచ్చిన ధైర్యాన్ని అక్కడికి తీసుకెళ్లకూడదు.

సీటు అలాట్‌మెంట్ పత్రం చేతికి వచ్చిన వారంలోనే బ్యాంకుకు వెళ్లండి. శాంక్షన్ లెటర్ మీద సంతకం పెట్టే ముందు అందులో మారటోరియం కాలానికి బారువడ్డీ అని రాసి ఉందా, ముందుగా కడితే జరిమానా లేదని ఉందా, మీరు అడగని బీమా ప్రీమియం రుణంలో కలిపారా, చదివి చూడండి. అమ్మాయిని కూడా పక్కన కూర్చోబెట్టి వాయిదా ఎప్పుడు మొదలవుతుందో, ఎంత అవుతుందో కాగితం మీద వేసి చూపించండి. రేపు కట్టబోయేది ఆమే.